పదకొండు పిప్పిపళ్లు, ఏడు వేల రూపాయలు

నేను తెనాలిలో పళ్ల డాక్టర్ని. ఈ పూట మీకు ఒక కాగితం సంగతి చెబుతాను.

కిందటేడు ఒకావిడ మా క్లినిక్‌కి వచ్చింది. ముప్ఫై నాలుగేళ్లుంటాయి, ఇంట్లోనే మిషను కుడుతుంది. కుర్చీలో కూర్చోగానే నోరు తెరవలేదు. సంచీలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది. అది వేరే చోట రాసిచ్చిన ఎస్టిమేటు. అడుగున గీత గీసి 58,500 అని వేసుంది. "మేడమ్, ఇందులో ఏది చేయించుకోకపోయినా పర్లేదో చెప్పండి. నా దగ్గర ఏడు వేలున్నాయి. తర్వాత నెలకి పదిహేను వందలు కట్టగలను," అంది.

నేను ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను. తప్పుడు కాగితమేమీ కాదది. మూడు రూట్ కెనాళ్లు 12,000. ఆ మూడింటికీ జిర్కోనియా క్యాపులు 21,000. ఆరు ఫిల్లింగులు 7,200. రెండు పళ్లు తీయడానికి 1,500. తీసిన చోట మూడు పళ్ల బ్రిడ్జి 15,000. క్లీనింగు 1,000, పెద్ద ఎక్స్‌రే 800. డబ్బుకి లోటు లేని మనిషికి అది మంచి వైద్యమే. నాకు అందులో కనిపించిన లోపం ధర కాదు. ఏది ముందో ఏది వెనకో అందులో లేదు. పైగా చేసి చూస్తే గాని తేలని పళ్లని కూడా తేలిపోయినట్టే రాసేశారు. ఏడు వేలు చేతిలో ఉన్న మనిషి ఆ కాగితం చూసి చేసే పని ఒక్కటే, మడిచి సంచీలో పెట్టుకోవడం. ఆవిడ నాలుగు నెలలు అదే చేసింది. నొప్పి వచ్చినప్పుడల్లా మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగింది.

ఇక్కడొక ముక్క చెప్పి ముందుకెళతాను. పన్ను లోపలి నరం వాచి వచ్చే పోటుకి యాంటీబయాటిక్ పనిచెయ్యదు. నొప్పిమాత్ర వేసుకుంటే కాసేపు ఊరట, అంతే. దవడ వాపు కంటికిందికి గానీ మెడలోకి గానీ దిగుతున్నా, జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, గుటక పడకపోయినా అది వేరే సంగతి. అప్పుడు ఎస్టిమేటూ లేదు, వాయిదా లేదు, ఆ పూటే పెద్దాసుపత్రికి పోవాలి. ఆవిడకి అలాంటిదేమీ లేదు. కుడివైపు కింద దవడపన్ను ఒకటి రాత్రిపూట పడుకోగానే పోటెత్తి, లేచి కూర్చుంటే కాస్త తగ్గుతోంది.

నోరు చూశాను. పుచ్చినవి పదకొండు పళ్లు. పెద్ద ఎక్స్‌రే జోలికి పోకుండా చిన్నవి ఐదు తీశాను, ఒక్కోటి 200. అందులో రెండు, పైపళ్లూ కిందిపళ్లూ కలిపి కరిచి తీసేవి. పన్నుకీ పన్నుకీ మధ్య సందులో పుచ్చు అద్దంలో కనబడదు, వాటిలో కనబడుతుంది. పంటి నీడ తెల్లగా వస్తుంది, పుచ్చిన మేర నల్లగా వస్తుంది. ఆ నలుపుకీ మధ్యలో నరం ఉండే గదికీ నడుమ ఎంత తెల్లదనం మిగిలిందన్నదే నేను చూసేది. తర్వాత చిన్న దూదిని చల్లబరిచి అనుమానం ఉన్న ప్రతి పంటి మీదా ఆనించాను. జివ్వుమని, దూది తీసేసిన రెండు మూడు క్షణాల్లో పోతే నరం ఇంకా కోలుకునే స్థితిలో ఉందని లెక్క. దూది తీశాక కూడా అరనిమిషం, నిమిషం లాగుతూనే ఉంటే నరం చేజారినట్టే. అసలేమీ తెలియకపోతే నరం చచ్చిపోయి ఉండొచ్చు. ఈ దూది పరీక్షకి ఖర్చు దాదాపు లేదు. 58,500 ఎస్టిమేటులో మూడు రూట్ కెనాళ్లున్నాయే, అందులో రెండిటి భవితవ్యం ఈ దూది దగ్గరే మలుపు తిరిగింది.

పదకొండింటినీ కాగితం మీద ఐదు కుప్పలుగా పోశాను. కుడి కింది మొదటి దవడపన్నుకి నరం పోయింది, అయినా చుట్టూ గోడలు గట్టిగానే ఉన్నాయి. నిలబెట్టవచ్చు. ఎడమ పైదవడలో మొదటి దవడపన్నుకి వేళ్ల మొదళ్లే మిగిలాయి, కుడి పైన జ్ఞానదంతం సగం కూలింది. ఈ రెండూ తీసెయ్యాల్సినవే. మూడో కుప్పలో లోతైన పుచ్చులు రెండు. ఒకటి ఎడమ కింది మొదటి దవడపన్ను, రెండోది కుడి పైన చిన్న దవడపన్ను. దూది పెడితే రెండూ జివ్వుమని వెంటనే ఊరుకున్నాయి. ఎక్స్‌రేలో మాత్రం నలుపు నరానికి చాలా దగ్గరగా వచ్చింది. నాలుగో కుప్పలో నడిమిరకం పుచ్చులున్నవి నాలుగు, చిన్న దవడపళ్లు రెండూ పై ముందుపళ్లు రెండూను. కింద రెండు వైపులా రెండో దవడపళ్ల మీద గుంతల్లో నల్లగా, పైపైనే మొదలైన పుచ్చులు ఐదో కుప్ప.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో ఒక తప్పు చేశాను. ఇలాగే నోరంతా పుచ్చిన ఒకాయన వచ్చి పదివేలిస్తే, నొప్పి పెడుతున్న ఒక్క పంటికి రూట్ కెనాల్ చేసి, మంచి పింగాణీ క్యాపు పెట్టి పంపాను. నిగనిగలాడుతూ ఉండేది ఆ క్యాపు. డబ్బయిపోయింది, ఆయన వెళ్లిపోయారు. ఏడాదికి తిరిగొచ్చేసరికి ఆ క్యాపు అలాగే ఉంది. దాని పక్క పన్నూ, ఎదుటి పన్నూ, ఇంకో రెండూ ఆరేడు వందల సిమెంటుతో ఆగేవి కాస్తా రూట్ కెనాల్ దాకా వచ్చేశాయి. ఇల్లంతా కురుస్తుంటే ఒక్క గదికి పాలరాయి పరిచినట్టయింది. అప్పటినుంచి నా లెక్క మారింది. నొప్పి ఆపు. తర్వాత ప్రతి పంటిలోనూ పుచ్చుని చవగ్గా, తొందరగా ఆపు. ఆ తర్వాతే ఒక్కో పంటి మీద పెద్ద డబ్బు పెట్టు.

ఎందుకంటే ఖర్చు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. నా దగ్గర గ్లాస్ అయొనొమర్ సిమెంటు ఫిల్లింగు 600. అదే పన్ను ఏడాది ఆగితే రూట్ కెనాల్ 3,500, లోపల గట్టి ఫిల్లింగు 800, పైన లోహపు క్యాపు 2,000, వెరసి 6,300. ఇక్కడ చాలామంది మోసపోతారు. రూట్ కెనాల్ ధర అడిగి, మూడున్నర వేలు సర్దుకుని చేయించుకుంటారు, క్యాపు తర్వాత చూద్దాంలే అంటారు. దవడపన్నుకి రూట్ కెనాల్ చేశాక గోడలు పల్చబడతాయి. క్యాపు లేకుండా ఏడాదో రెండేళ్లో నమిలితే గోడ నిలువునా చీలుతుంది. చీలిక చిగురు కిందికి దిగితే తీసెయ్యడమే. మూడున్నర వేలు మట్టిలో పోసినట్టే. అందుకే పంటికి ధర చెప్పేటప్పుడు చివరిదాకా అయ్యే ధరే చెప్పాలి. అది భరించలేకపోతే 600 ఇచ్చి పన్ను తీయించుకోవడం నయం. డాక్టరు నోట్లోంచి ఈ మాట రావడం కొందరికి నచ్చదు గానీ, నిజం అది.

ఇవన్నీ మా ఊళ్లో, నా దగ్గర రేట్లు. హైదరాబాదులో ఇంకోలా ఉంటాయి, మా వీధి చివరే ఇంకోలా ఉంటాయి. మీరు చూడాల్సింది వరస.

సరే, ఆవిడ ఏడు వేలూ ఎలా ఖర్చుపెట్టామో చెబుతాను. మొదటిరోజు ఎక్స్‌రేలకి 1,000. అదే రోజు పోటు పెడుతున్న పన్ను తెరిచి, వాచిన నరం తీసి, లోపల కాల్షియం మందు పెట్టి పైన గట్టిగా మూశాను. రూట్ కెనాల్ 3,500లో ముందుగా 1,000 అందుకే తీసుకున్నాను. ఆ రాత్రి నిద్రపోయానని రెండోసారి వచ్చినప్పుడు చెప్పింది. ఆ పన్ను పూర్తికాలేదు. కానీ కొన్ని వారాలు ఆగగలదు. ఆగగలిగినదాన్ని ఆపి, ఆ డబ్బుతో ఆగలేనివాటిని అందుకోవడమే ఈ పద్ధతి.

మిగతా పనిని పళ్ల లెక్కన కాకుండా వైపుల లెక్కన చేశాను. ఆవిడ జాకెట్లు కుట్టుకుని బతికే మనిషి. క్లినిక్‌కి వచ్చిన పూట మిషను ఆగుతుంది, ఆ పూట కూలి పోయినట్టే. ఎస్టిమేటులో ఎవరూ వెయ్యని ఖర్చు ఇది. అందుకని రెండోసారి వచ్చినప్పుడు కుడివైపు మత్తిచ్చి ఆ జ్ఞానదంతం తీసి, అదే వైపు లోతైన చిన్న దవడపంటికీ, పక్కనున్న నడిమి పుచ్చుకీ సిమెంటు పెట్టాను. మూడోసారి ఎడమవైపు అలాగే. పళ్లు తీయడం రెండూ కలిపి 1,200, లోతైనవి రెండూ 1,200, చిన్న దవడపళ్లు రెండూ 1,200. నాలుగోసారి క్లీనింగు 800. కింది పళ్ల గుంతల్లో పైపై పుచ్చులకి డ్రిల్లు పెట్టకుండా సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు పూశాను, పంటికి 200 చొప్పున 400. మొత్తం నాలుగు రాకలకి 6,800 అయింది. చేతిలో ఇంకా 200 మిగిలాయి.

ఆ పూతమందు గురించి రెండు ముక్కలు. అందులో వెండీ ఫ్లోరైడూ ఉంటాయి. పుచ్చులో ఉన్న క్రిముల్ని చంపి, మెత్తబడ్డ పంటిని గట్టిపరుస్తుంది. నిమిషం పని, మత్తు అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్నీ, గ్లాస్ అయొనొమర్ సిమెంటునీ, ఫ్లోరైడ్ పేస్టునీ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఇబ్బందల్లా ఒకటే. పూసిన పుచ్చు కాటుకలా నల్లబడిపోతుంది, ఆ నలుపు పోదు. వెనక కింది పళ్ల గుంతల్లో ఎవరికీ కనబడదు గనక సరిపోయింది. ముందుపళ్లకి అయితే పూసేవాణ్ణి ముందు మనిషిని అడగమనండి. నేను ఆవిడకి ఫోనులో ఒక ఫొటో చూపించి, సరేనన్నాకే పూశాను. ఆరునెలలకోసారి మళ్లీ పూయాలి.

సిమెంటు కూడా శాశ్వతమని నేను చెప్పను. అది పంటికి దానంతటదే అతుక్కుంటుంది, కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ వదులుతుంది, కాస్త తడి ఉన్నా ఓర్చుకుంటుంది. కరెంటూ కుర్చీ లేని పల్లెల్లో చేతి పనిముట్లతో పుచ్చు గీకి ఇదే సిమెంటు పెట్టే పద్ధతి 1980ల నడుమ టాంజానియాలో మొదలైంది. కానీ కాంపోజిట్ అంత గట్టిది కాదు. నమిలే చోట అరుగుతుంది, పన్నుకీ పన్నుకీ మధ్య పెడితే అంచు విరగొచ్చు. ఏళ్ల తరబడి నిలిచినా నిలవచ్చు, రెండేళ్లకే మార్చాల్సి రావొచ్చు. ఆవిడకి రాసిచ్చే పుస్తకంలో ఆ రెండు చిన్న దవడపళ్ల ఎదురుగా "తర్వాత మార్చాలి" అనే రాశాను.

ఇక లోతైన పుచ్చులు. ఈ కథలో అసలు చిక్కు వీటి దగ్గరే. పాత పద్ధతిలో పుచ్చిన భాగమంతా ఒక్క రేణువు మిగలకుండా తవ్వేవాళ్లం. లోతుగా తవ్వితే నరం బయటపడేది, వెంటనే రూట్ కెనాల్. ఇప్పుడు అంచుల చుట్టూ గట్టి పన్ను తగిలేదాకా శుభ్రం చేసి, నరం నెత్తిన మాత్రం కాస్త మెత్తటి పొరని కావాలనే వదిలేసి, పైన గాలి చొరకుండా మూసేస్తాం. తిండి అందక అక్కడున్న క్రిములు నీరసించిపోతాయి, నరం తనవైపు నుంచి కొత్త గోడ కట్టుకుంటుంది. ఎక్కువ పళ్లు ఇలా నిలబడతాయి. కొన్ని నిలబడవు. ఏది నిలబడుతుందో ఆ రోజు ఏ డాక్టరూ చెప్పలేడు.

చెప్పలేనిదాన్ని ఎస్టిమేటులో ఎలా రాయాలి? నేను మూడు అంకెలు రాస్తాను. ఆవిడకి ముందు అంతా సవ్యంగా సాగితే ఎంతో లెక్కేశాను. అప్పటికే పెట్టిన 6,800. రూట్ కెనాల్ మిగతా 2,500, దాని లోపల ఫిల్లింగు 800, లోహపు క్యాపు 2,000. ముందుపళ్లు రెంటికి కాంపోజిట్ 2,200. ఈ మిగిలిన పని 7,500, అంటే నెలకి పదిహేను వందల చొప్పున ఐదు నెలలు. మొత్తం 14,300. ఇది మొదటి అంకె. లోతైన రెండింట్లో చిన్న దవడపన్ను తప్పితే దానికి 7,800 కలుస్తాయి. పైవరసలో నవ్వితే కనబడే పన్ను గనక లోహపు క్యాపు ఎబ్బెట్టుగా ఉంటుంది, పింగాణీ తొడిగిన లోహపు క్యాపు పెట్టాలి, అది 3,500. అప్పుడు మొత్తం 22,100, రెండో అంకె. కింది దవడపన్ను కూడా తప్పితే దానికి 6,300 కలిసి 28,400. ఇది మూడోది, గడ్డు లెక్క.

మూడూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి చూపించాను. ఆవిడ మూడో అంకె మీద వేలు పెట్టి చాలాసేపు ఊరుకుంది. "ఇంత రాదు కదా మేడమ్?" అంది. "రావొచ్చమ్మా. వస్తే అప్పుడు కింది దవడపంటి విషయం మళ్లీ కూర్చుని ఆలోచిద్దాం," అన్నాను. ఆ మాట ఊరికే అనలేదు. పళ్లు జోడీల్లో పనిచేస్తాయి, పైదానికి కిందది. ఆ ఎడమ కింది పన్నుకి పైన ఎదురుగా ఉన్నదే మేం తీసేసింది. నమలడంలో దాని పని సగం తగ్గిపోయింది. అది మొండికేస్తే 6,300 పోయాల్సిన పన్ను కాదు, 600తో తీసేసినా సరిపోతుంది. కుడివైపు చిన్న దవడపన్ను అలా కాదు, దానికి కింద జోడీ గట్టిగా ఉంది.

ఇదే లెక్కన బ్రిడ్జి కూడా కొట్టేశాను. నెదర్లాండ్స్‌లో కేసర్ అనే ప్రొఫెసర్ 1981లోనే ఒక మాట చెప్పాడు. ముందుపళ్లూ చిన్న దవడపళ్లూ చక్కగా ఉంటే, వెనక దవడపళ్లు కొన్ని లేకపోయినా చాలామంది హాయిగానే తింటారని. మొత్తం మీద ఇరవై పళ్లు సరిగ్గా జోడీగా ఉంటే సంసారం సాగిపోతుంది. ఆవిడకి అంతకంటే ఎక్కువే ఉన్నాయి. బ్రిడ్జి కట్టాలంటే సందుకి అటూ ఇటూ ఉన్న రెండు పళ్లని అరగదియ్యాలి. పన్ను తీసిన చోట ఎముక పూడడానికే రెండు మూడు నెలలు పడుతుంది, తొందరెందుకు? కింది పన్ను ఏళ్లు గడిచేకొద్దీ పైకి పెరిగి రావొచ్చు, అది చూస్తూ ఉండాలి. ఆ 15,000 అలా పక్కకు పోయింది.

ఇంతకీ పదకొండు పళ్లు ఎందుకు పుచ్చాయి? ఇది అడక్కుండా సిమెంటు పెడితే, సిమెంటు అంచునే మళ్లీ పుచ్చుతుంది. స్వీట్లు తింటావా అంటే లేదంది, నిజమే చెప్పింది. మరి మిషను దగ్గర? ఉదయం నుంచి రాత్రిదాకా ఆరేడు టీలు, చక్కెర బాగా వేసినవి. టీకీ టీకీ మధ్య బుగ్గలో తీపి వక్కపొడి. నాకు పదకొండు పళ్ల చరిత్రా అందులో కనిపించింది. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లో ఆమ్లం పుడుతుంది, ఉమ్మి దాన్ని కడిగి పన్నుని మళ్లీ మామూలు స్థితికి తేవడానికి అరగంట పడుతుంది. ఆవిడ నోటికి ఆ అరగంట రోజంతా దొరకలేదు. ఎంత చక్కెర తిన్నామన్నది కాదు, ఎన్నిసార్లు తగిలిందన్నది లెక్క. పుచ్చులు పళ్ల మధ్యా చిగురు దగ్గరా ఎడాపెడా ఉంటే నేను ముందు బుగ్గలో ఏం పెట్టుకుంటారని అడుగుతాను.

టీ మానెయ్యమని నేను చెప్పలేదు, చెప్పినా వినదు. మూడింటికి తగ్గించి, తిండితో పాటు తాగమన్నాను. వక్కపొడి మానమన్నాను. ఆవిడ వాడే ఎర్ర పళ్లపొడి బదులు ఫ్లోరైడ్ ఉన్న మామూలు పేస్టు, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, పొద్దున్న ఒకసారి. ఉమ్మెయ్యాలి గానీ నీళ్లతో గడగడా పుక్కిలించకూడదు, పేస్టు పలచగా పంటిమీద మిగలాలి. ఇది విని ఆవిడ మొహం చిట్లించింది. మనకి పుక్కిలించకపోతే పళ్లు తోముకున్నట్టే ఉండదు మరి.

ఒక పని మాత్రం ఆవిడ పట్టుబట్టి నా వరస మార్పించింది. నాలుగో నెలలో తమ్ముడి పెళ్లి. ముందుపళ్ల మధ్య నల్లటి సందు ఫొటోల్లో పడుతుందని బెంగ. నా లెక్కలో ముందు క్యాపు, తర్వాత ముందుపళ్లు. రెండు నెలల వాయిదాలతో రూట్ కెనాల్ పూర్తిచేసి లోపల ఫిల్లింగు పెట్టాం, వంద రూపాయలు తగ్గితే తర్వాతి నెలలో కలిపాం. ఇక క్యాపుకి రెండు నెలలు ఆగొచ్చా? ఆ పంటి మొనల్ని కాస్త తగ్గించి, ఫిల్లింగుని పైదాకా కప్పి, గట్టివి ఆ వైపు నమలొద్దని చెప్పి ముందుపళ్లు చేశాను. అది నేను తీసుకున్న రిస్కే. చీలి ఉంటే ఇవాళ ఈ కథ మీకు ఇలా చెప్పేదాన్ని కాదేమో.

ఈ మధ్యలో నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది, ప్రభుత్వ డెంటల్ కాలేజీకి పోవచ్చు కదా అని. పోవచ్చు. హైదరాబాదు, విజయవాడ, కడపల్లో ఉన్నాయి. విద్యార్థులు చేస్తారు, పైన ప్రొఫెసర్లు చూస్తారు, ఖర్చు చాలా తక్కువ. కాకపోతే విద్యార్థి చేతిలో పని నెమ్మదిగా సాగుతుంది, ప్రతి అంకం దగ్గరా ఎవరో వచ్చి చూడాలి గనక రాకలు పెరుగుతాయి. తెనాలి నుంచి విజయవాడకి బస్సు ఛార్జీ, ఆ రోజు కూలి కలిపి ఆవిడకి ఐదారు వందలు. సిమెంటు ఫిల్లింగు కోసం అయితే ఆ ప్రయాణం దండగ, ఇక్కడే చేయించుకోవడం మేలు. రూట్ కెనాల్ లాంటి పెద్ద పనికి అయితే లాభమే. రెండో రూట్ కెనాల్ అవసరమైతే అక్కడికే వెళ్లమని కాగితం వెనక రాసిచ్చాను.

పెళ్లయిన పది రోజులకి ఫోను. కుడివైపు పైన రాత్రి పోటు. దూది పెట్టాను, ఈసారి తీశాక కూడా లాగుతూనే ఉంది. చిన్న దవడపన్ను తప్పింది. నేను పెట్టిన 600 సిమెంటు వృథా అయింది. ఆవిడ కోప్పడుతుందేమో అనుకున్నాను. పుస్తకంలోంచి మన మూడు అంకెల కాగితం తీసి, రెండో అంకె చూపించి, "ఇదేగా మేడమ్?" అంది. విజయవాడ వెళ్లలేదు. ఆ నెలలోనే చీటీ పాడుకుంది, ఆ డబ్బుతో ఇక్కడే చేయించుకుంది. చేతిలో డబ్బు పడగానే జిర్కోనియా అడిగింది, కింది దవడపంటికి కూడా. ఆ తేడా డబ్బు దాచుకోమన్నాను. కిందిదానికి లోహమే పెట్టాం. నవ్వితే మెరుస్తుంది కాస్త, ఆవిడ కూతురు వెండిపన్ను అని ఏడిపిస్తుందట.

మొత్తం 22,100 అయింది. ఏడో నెలలో రెండు చిన్న ఎక్స్‌రేలు తీశాం, 400. ఎడమ కింది లోతైన పుచ్చు కింద, నరం గది పైకప్పు మీద సన్నటి తెల్లగీత కొత్తగా కనిపించింది. నరం కట్టుకున్న గోడ అది. దూది పెడితే మామూలుగా జివ్వుమని పోయింది. నల్లబడ్డ గుంతల్ని పనిముట్టుతో తాకి చూస్తే రాయిలా గట్టిగా ఉన్నాయి, మళ్లీ మందు పూశాను. కొత్త పుచ్చు ఒకటి మాత్రం దొరికింది, ముందుపంటి చిగురు దగ్గర. నేను ఆవిడ వంక చూశాను. "వక్కపొడి మానేశాను మేడమ్, ఒట్టు," అంది. మరి టీ? నాలుగు, ఐదు అవుతున్నాయట, పండగ కుట్టుళ్లు వచ్చినప్పుడు. ఆ పుచ్చుకి 600 రాసుకుని, పుస్తకంలో ఎడమ పైన ఖాళీ సందు ఎదురుగా "బ్రిడ్జి: ఏడాది తర్వాత చూడాలి" అని రాసి ఇచ్చాను.